పైలం కొడుకా

మా వైపు ఊరు వెళ్లేవాళ్లు "పోతున్నా" అనరు. "పోయొస్త" అంటారు. గడపలో ఉన్నవాళ్లు "పైలంగ పోయిరా" అంటారు. పైలం అంటే జాగ్రత్త అని అర్థం, కానీ అందులో హెచ్చరిక ఎంత ఉందో దీవెన కూడా అంతే ఉంది. మా అమ్మ ఆ మాట ఒక్కసారే అంటుంది. నేను మాత్రం అదే మాటని ఫోన్‌లో ఆరుసార్లు చెప్పేదాన్ని.

అమ్మ ఉండేది కోదాడలో, నేను ఉండేది మిర్యాలగూడలో. తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. శనివారం అమ్మ దగ్గరికి వచ్చి, ఆదివారం రాత్రి పదకొండుకి కారులో తిరిగి బయల్దేరతాడు. కోదాడ నుంచి సూర్యాపేట ఒక గంటలోపే, అక్కడి నుంచి హైదరాబాద్ ఇంకో రెండున్నర గంటలు. ఒక ఆదివారం ఆ మూడున్నర గంటల్లో నేను ఐదుసార్లు ఫోన్ చేశాను. ఐదోసారి వాడు విసుక్కోలేదు. "అక్కా, నువ్వు చేసిన ప్రతిసారీ నా కన్ను రోడ్డు మీద నుంచి ఫోన్ మీదికి పోతోంది" అన్నాడు, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఫోన్ చేసింది వాడి క్షేమం కోసమా, నా భయం తగ్గడం కోసమా? వాడు "హలో" అనగానే తేలికపడింది నేను. ఆ తేలిక కోసం లారీల మధ్య కారు నడుపుతున్నవాడి దృష్టి మళ్లించాను.

రామాయణంలో అయోధ్యాకాండ గుర్తొచ్చింది. రాముడు అడవికి వెళ్తానన్నప్పుడు కౌసల్య వెంటనే ఊరుకోలేదు. ఏడ్చింది, వాదించింది, వద్దంది, నేనూ వస్తానంది. అదంతా అతను బయల్దేరక ముందే. ఇక ఆగడని తెలిశాక ఆమె వాదన ఆపేసి దీవించింది. ఆ దీవెనలో దేవతల్ని, కొండల్ని, సముద్రాల్ని కొడుకును కాపాడమని కోరింది. అడవిలోని తేళ్లు, దోమలు, పురుగులు, క్రూరమృగాలు అతన్ని బాధించకూడదని కోరుకుంది. విశల్యకరణి అనే మూలికను రక్షగా కట్టింది. దోమలతో సహా తల్లి భయమంతా అక్కడ ఉంది చూడండి! కానీ ఆ భయాన్ని ఆమె దేవుళ్లకి చెప్పుకుంది, కొడుకు నెత్తిన పెట్టలేదు.

వాదించడానికి ఒక సమయం ఉంటుంది, అది ప్రయాణానికి ముందు. అప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న కూడా "మెల్లగా నడుపుతావా" కాదు, "మధ్యాహ్నం పడుకున్నావా?" అర్ధరాత్రి దాటాక, ముఖ్యంగా రెండు నుంచి ఐదు మధ్య, ఒంటికి నిద్ర బాగా ముంచుకొస్తుంది. టీ కాసేపు ఆపుతుందేమో గానీ నిద్ర బాకీ తీర్చదు. ఒకసారి వాడు పెళ్లి పనుల్లో రెండు రోజులు నిద్రలేక ఉన్నాడు. ఆ రోజు నేను మొహమాటపడలేదు. "ఇప్పుడు వద్దు, పొద్దున్నే పో" అన్నాను. వాడికి కోపం వచ్చింది. రానివ్వండి, అది నస కాదు.

నిద్రపోయి బయల్దేరితే మాత్రం మా ఒప్పందం ఇలా ఉంటుంది. సూర్యాపేట దగ్గర హోటల్‌లో ఆగినప్పుడు వాడే ఒక మెసేజ్ పెడతాడు. ఇల్లు చేరాక ఇంకోటి. కళ్లు మూతపడుతుంటే అక్కడే కారు పక్కన పెట్టి ఇరవై నిమిషాలు పడుకుంటాడు, ఆలస్యమైందని నేను అడగను. మూడున్నర వరకు ఏ కబురూ రాకపోతేనే నేను ఫోన్ చేస్తాను. లైవ్ లొకేషన్ కూడా పెట్టుకున్నాం కానీ మానేశాం. సిగ్నల్ పోయి చుక్క ఒక చోట ఆగితే నా గుండె కూడా అక్కడే ఆగేది.

రైలు ప్రయాణమైతే ప్రమాదం వేరు. మిర్యాలగూడలో నారాయణాద్రి ఎక్కి తిరుపతి వెళ్తున్న అత్తయ్యకి అర్ధరాత్రి ఫోన్ చేస్తే పెట్టె మొత్తం లేస్తుంది. విమానం అయితే మనకి వేరే దారే లేదు, ఫోన్ పలకదు. దిగిన తర్వాత కూడా ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యేసరికి గంట, రెండు గంటలు పట్టొచ్చు. "ల్యాండ్ అయిందిగా, ఎందుకు ఎత్తట్లేదు" అని కంగారుపడేది ఆ రెండు గంటల్లోనే.

మొన్న ఆదివారం పన్నెండు కావొస్తుంటే మెసేజ్ వచ్చింది: "సూర్యాపేట. ఇడ్లీ తింటున్నా." జవాబుగా రోడ్డు గురించి ఏదో రాయబోయి చెరిపేశాను. "పైలం" అని మాత్రం పంపి, దేవుడి దగ్గర దీపం ఇంకా వెలుగుతోందా అని చూడటానికి లేచాను.