తూకం మాత్రం నీ చేతిలో ఉండనీ నాయనా

నాయనా, బెంగళూరులో ఉద్యోగం బాగానే సాగుతోంది, నాలుగు రూపాయలు వెనకేసుకున్నావు. ఇప్పుడు ఊర్లో గానుగ పెట్టి, నమ్మకమైన మనిషిని మేనేజరుగా కూర్చోబెట్టి, నువ్వు నెలకోసారి వచ్చి చూసుకుంటే చాలని అనుకుంటున్నావంట. నీ ఆలోచనలో తప్పు లేదు. శింగనమల చుట్టూ పండిన శనక్కాయ ఇక్కడే నూనెగా మారితే నాకూ సంతోషమే. కానీ నీ తొందర చూస్తే భయమేస్తోంది. మిషను ఎక్కడ కొనాలి, సీసా మీద పేరేం వేయాలి అని అడుగుతున్నావే గానీ, మూట లోపలికి వచ్చిన దగ్గర నుంచి సీసా బయటికి పోయేదాకా తూకం ఎవరు రాస్తారని ఒక్కసారైనా అడిగావా?

అదే ముందు అడగాలి. నువ్వు ఎదురుగా లేని వ్యాపారంలో మనిషి మొహం చూసి ఏమీ తెలుసుకోలేవు. తూకాలు చూసి తెలుసుకోవచ్చు. గానుగలో ఉన్న సుఖం అదే. లోపలికి పోయిన బరువు ఏదో ఒక రూపంలో బయటికి రావాల్సిందే.

పెన్సిలు తీసుకో, చెప్తా. ఒక నెలకు 20 క్వింటాళ్ల కాయ కొన్నావనుకో. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు, ఆ ధరే పెట్టినా దగ్గర దగ్గర 1,36,000 అవుతుంది. మంచి పంటైతే కిలో కాయ ఒలిస్తే 700 గ్రాముల దాకా గింజ వస్తుంది. మన దగ్గర సరిగ్గా ఊడలు దిగే వేళకు, గింజ కట్టే వేళకు వాన మొహం చాటేస్తుంది. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అందుకని 650 గ్రాములే అనుకుందాం. అంటే 1,300 కిలోల గింజ. గానుగలో నూటికి 40 వంతులు నూనె దిగితే 520 కిలోలు. చెక్క 730 కిలోల దాకా. మిగిలిన 50 కిలోలు మడ్డి, ఆరిపోయిన తేమ, ఏరేసిన పుచ్చు గింజ. అన్నీ కూడితే మళ్లీ 1,300 రావాలి. రాకపోతే ఎందుకు రాలేదని అడగాలి.

ఇక్కడే చాలామంది చదువుకున్నవాళ్లు కూడా కాలు జారతారు. నూనె తూచేది కిలోల్లో, అమ్మేది లీటర్లలో. లీటరు శనగ నూనె 910 గ్రాములే తూగుతుంది. కాబట్టి 520 కిలోలంటే 571 లీటర్లు. మేనేజరు నీకు ఫోన్లో "520 వచ్చింది సార్" అని చెప్పి, 520 లీటర్ల అమ్మకం చూపిస్తే, నువ్వు సరేనని పెట్టేస్తావు. 51 లీటర్లు ఏమయ్యాయి? లీటరు 300 చొప్పున 15,300 రూపాయలు. మొత్తం 571 లీటర్లూ అమ్మి, చెక్క కిలో 40 చొప్పున వేస్తే నీకు వచ్చేది రెండు లక్షలు. అందులో కాయ ఖర్చు పోతే 64,000. సీసాలు, కూలీలు, కరెంటు, బాడుగ కలిపి 30,000 అనుకో, మేనేజరు జీతం 20,000. నీకు మిగిలేది 14,000. ఆ 51 లీటర్లు పోతే నెలంతా వ్యాపారం నడిచి నీ జేబులోంచే పోయినట్టు. ఆ మేనేజరు దొంగ కాకపోవచ్చు, కిలోకూ లీటరుకూ తేడా తెలియక రాసి ఉండొచ్చు. అయినా 51 లీటర్లు పోయినట్టే. ధరలు మారతాయి, నీ అంకెలు నువ్వు వేసుకో. లాభం మాత్రం ఇంత పలచగానే ఉంటుందని గుర్తుంచుకో. మిషన్లకూ సరుకుకూ కలిపి 15 లక్షలు పెడతావు కదా, అదే డబ్బు 7 శాతానికి బ్యాంకులో వేసినా నెలకు 8,750 కూర్చున్నచోటికే వస్తుంది.

ఇంకో మాట జాగ్రత్తగా విను. నూనె తగ్గిందని ఫోన్ వచ్చిన రోజున కోప్పడొద్దు. చెక్క ఎంత వచ్చిందని అడుగు. నూనె తగ్గి, చెక్క బరువు ఆ మేరకు పెరిగితే, నూనె చెక్కలోనే ఉండిపోయిందన్నమాట. గానుగ సరిగ్గా ఆడించలేదు, లేదా మిషను చూపించుకోవాలి. నూనె తగ్గింది, చెక్కా పెరగలేదంటే సరుకు గుమ్మం దాటి పోయింది. గింజే తక్కువ వచ్చిందంటాడా, అది నిజమైనా కావచ్చు. కరువు కాయ అంతే, పైకి నిండుగా కనిపించి లోపల ముడుచుకుపోయి ఉంటుంది. అందుకే కొనేటప్పుడే ప్రతి రైతు కాయలోంచి ఒక కిలో తీసి, అక్కడే ఒలిచి, గింజ తూచి, కాటా మీద అంకె కనబడేలా ఫోటో తీసి నీకు పంపమను. పావుగంట పని. ఆ ఫోటోలు ఉంటే తర్వాత మేనేజరు మీద అనవసరంగా అనుమానపడే పాపం నీకుండదు, ఆయనకూ సంజాయిషీ చెప్పుకునే బాధ ఉండదు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించడం మరిచిపోవద్దు. కాటాయే తప్పైతే ఇంక ఏ లెక్కా నిలబడదు.

కరెంటు మీటరు కూడా చూడు. మూడు హార్స్ పవర్ మోటారు గంటసేపు బరువు మీద తిరిగితే రెండున్నర యూనిట్ల దాకా కాలుతుంది. నీ గింజ ఆడించడానికి ఎన్ని గంటలు పట్టిందో పుస్తకంలో ఉంటుంది. బిల్లులో యూనిట్లు దానికి మించి ఉంటే, చుట్టుపక్కల వాళ్ల గింజ కూలికి ఆడించి ఆ డబ్బు పుస్తకంలో రాయలేదేమో అడుగు. కూలికి ఆడించడం మంచిదే, మనూళ్లో దానికి గిరాకీ ఉంది. రాయకపోవడమే తప్పు. ఇక ఫోన్ చెల్లింపుల క్యూఆర్ కాగితం నీ ఖాతాదే గోడకు అంటించు, డబ్బు పడినప్పుడల్లా మెసేజి నీ ఫోనుకు రావాలి. ఊరికి వచ్చినప్పుడు ఆ కాగితాన్ని నీ ఫోనుతోనే ఒకసారి స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూడు.

జీతం సంగతి. అమ్మకాల మీద కమీషన్ ఇస్తే మనిషి హుషారుగా పనిచేస్తాడని నీకెవరో చెప్పి ఉంటారు. హుషారుగా ఉద్దర ఇస్తాడు నాయనా. అనంతపురం అంగళ్లన్నిటికీ సీసాలు పోతాయి, పుస్తకంలో అమ్మకం కనిపిస్తుంది, డబ్బు మాత్రం రాదు. కాయ చవగ్గా కొన్నందుకు బహుమానం ఇస్తే పచ్చి కాయ కొంటాడు. పచ్చి కాయ ఇవాళ బరువు తూగుతుంది, రేపు ఆరి తగ్గుతుంది, మధ్యలో బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేస్తుంది. పైరు చివర్లో బెట్టకు గురైన కాయకు అది చేలోనే పట్టుకుంటుంది. మన గానుగ నూనెను రిఫైనరీలో శుద్ధి చేయం కాబట్టి కొంత నూనెలో ఉండిపోతుంది, ఎక్కువ భాగం చెక్కలో చేరి గేదె తిని, పాలలోకీ దిగుతుంది. నీ పేరున్న సీసా ఎవరి వంటింట్లోనో, నీ చెక్క ఎవరి కొట్టంలోనో ఉంటుంది. ఆహార లైసెన్సు నీ పేరు మీదే, జవాబు చెప్పాల్సిందీ నువ్వే. అందుకని జీతం నిలకడగా ఇవ్వు, ఒకటో తారీకు దాటనివ్వొద్దు. పైన ఏదైనా ఇవ్వాలనుకుంటే, డబ్బు చేతికొచ్చిన అమ్మకాల మీద, ఏడాది చివర, తూకాలన్నీ సరిపోయాక ఇవ్వు. కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమనాలి, లేకపోతే మూట దింపుకోవద్దని ముందే చెప్పు.

మేనేజరుగా బామ్మర్దిని పెట్టుకుందామా, పెద్దనాన్న కొడుకును పెట్టుకుందామా అని మీ ఇంట్లో మాట నడుస్తోందట. చుట్టమైనా పరవాలేదు. కానీ "చెక్క ఎంత వచ్చింది?" అని అడిగిన రోజు ఇంట్లో అన్నం మానేసే చుట్టం వద్దు. పెళ్లిళ్లలో మొహాలు తిప్పుకునేదాకా పోతుంది. అట్లాగే మీ నాయన ఎలాగూ ఊర్లోనే ఉన్నాడు కదా, మంచం వేసుకుని కనిపెట్టుకుని ఉంటాడని అనుకోవద్దు. ఆయన ఉంటే మేనేజరుకు అధికారం ఉండదు, తెలిసినవాళ్లు వచ్చి ఆయన్నే బతిమాలి ఉద్దర పట్టుకుపోతారు. ఆయనకు ఈ వయసులో కావలిపని అప్పగించకు. నెలకోసారి, ఏ ఆదివారమో చెప్పకుండా, నువ్వే వచ్చి క్యాన్లూ మూటలూ లెక్కపెట్టు. ఆ రోజు పుస్తకంలో ఉన్నది కొట్టులో ఉందా లేదా, అంతే చూడు. మనిషిని నిలదీయకు, తూకం అడుగు.

చెక్కుల మాట కూడా చెప్పాలి. సీజన్లో రైతులకు ఇవ్వడానికని ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి వదిలేసి పోవద్దు. సంతకం నీదైతే, అంకె ఎవరు నింపినా, అది చెల్లకపోతే కేసు నీ మీదే. మేనేజరును మార్చాల్సి వస్తే ఊరికే తీసేస్తే సరిపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం, నీ మనిషికి అధికారం పోయిందని అవతలివాళ్లకు తెలిసేదాకా, ఆయన నీ పేరు మీద చేసిన బేరం నిన్ను పట్టుకుంటుంది. నార్పల నుంచీ గార్లదిన్నె నుంచీ కాయ తోలే రైతులకు, సీసాలు పంపేవాళ్లకు, అంగళ్లకు అదే రోజు ఫోన్ చేసి చెప్పాలి, మెసేజి కూడా పెట్టాలి.

నీ ఉద్యోగం కాగితాలు కూడా ఒకసారి తీసి చదువు. కంపెనీ ఇచ్చిన నియామక పత్రంలో వేరే వ్యాపారం గురించి ఏముందో చూసి, అవసరమైతే రాసి అనుమతి తీసుకో. మీ అక్కలాగా ప్రభుత్వ ఉద్యోగమైతే 1964 ప్రవర్తనా నియమాలు ఉన్నాయి, ముందుగా అనుమతి లేకుండా వ్యాపారం కుదరదు. ఆమె పేరు మీద పెడదామనే ఆలోచన మానుకో.

ఇదంతా విని బెదిరిపోకు. ఈసారి మిషను కొనొద్దు, అంతే. కార్తీకంలో కాయ కళ్లానికి వచ్చినప్పుడు 20 క్వింటాళ్లు కొను. అనంతపురంలో ఎవరి గానుగలోనైనా కూలికి ఆడించు. మేనేజరుగా ఎవరిని అనుకుంటున్నావో ఆ మనిషినే పంపించి, కాయ, గింజ, నూనె, చెక్క నాలుగూ తూయించి రాయించు. నువ్వు బెంగళూరులోనే ఉండు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రా, ఇద్దరం కూర్చుని కూడి చూద్దాం.