ఆఖరి శాలువా ఎవరికి?

సుల్తాన్ బజార్‌లో శాలువాలు బేరమాడుతుంటే, పక్కనున్న ఓ పల్లెటూరి మాస్టారు చెప్పిన సంగతి ఇది.

వాళ్ళ బడి వార్షికోత్సవంలో అటెండరు ఎప్పట్లాగే శాలువాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. పెద్దలందరికీ కప్పాక ఒకటి మిగిలింది.

“ఇదెవరికి సార్?”

“నీకేనయ్యా” అన్నారు హెడ్మాస్టారు.

ఒక తల్లి మైకు తీసుకుంది. వాగు పొంగినరోజు తన పాపని భుజాన మోసుకొచ్చి ఇంట్లో దింపాడట. ఆయనకది గుర్తే లేదు! చెప్పులు విప్పి, గుడి మెట్లెక్కినట్టు వేదికెక్కాడు.

వాల్మీకి రామాయణం యుద్ధకాండ మొదట్లో, సీతమ్మ జాడ తెచ్చిన హనుమకి తగిన బహుమానం ఇవ్వలేకపోతున్నానని రాముడే బాధపడతాడు. ఇప్పుడు నా సర్వస్వం ఇదేనని గుండెలకి హత్తుకుంటాడు. హనుమ మాత్రం ఏమీ అడగలేదు, చూశారా!

మర్నాడు బడిగంట ఆయనే కొట్టాడు. శాలువా ఇంట్లో దేవుడి పటం దగ్గర ఉందట.