గంట కూడా ఒక తూకమే

విదేశీ కంపెనీకి ఇంటి నుండే పనిచేసే ఒక యువకుడు జుమా నమాజు తర్వాత అడిగాడు: "మౌలానా! మాకు గంటల లెక్కన డబ్బిస్తారు. చిన్న పని ఏది చేసినా పావుగంట అని రాస్తాను. అందరూ ఇలాగే రాస్తారు. ఈ సంపాదన హలాలేనా?"

ఇద్దరం కూర్చుని లెక్క చూశాం. ఆ వారం 20 పనులు, ఒక్కొక్కటి 7 నిమిషాలు. నిజంగా పట్టిన సమయం 2 గంటల 20 నిమిషాలు. బిల్లులో ఉన్నది 5 గంటలు. గంటకు 600 రూపాయల చొప్పున రావలసింది 1,400, తీసుకున్నది 3,000.

కూలి ఒప్పందాన్ని ఫిఖ్హ్‌లో 'ఇజారా' అంటారు. కూలి దేనికో ఇరుపక్షాలకూ స్పష్టంగా తెలియాలి. పనికింత అని మాట్లాడుకుంటే 7 నిమిషాల్లో ముగించినా పూర్తి కూలి అతని హక్కే. గంటకింత అని మాట్లాడుకున్నప్పుడు గంటే తూకపురాయి. తూకంలో తగ్గించేవారిని 83వ సూరా ముతఫ్ఫిఫీన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు.

మరి 'అందరూ చేస్తారు' అన్న మాట? ఆచారం, అంటే ఉర్ఫ్, ఇరువురికీ తెలిసినదైతేనే షరతుగా చెల్లుతుంది. పావుగంట పద్ధతిని ముందే చెప్పి ఒప్పించుకుంటే దోషం లేదు. ఇక్కడ డబ్బిచ్చేవారికి ఆ సంగతే తెలియదు.

ఆ అదనపు 1,600 రూపాయలు అతని దగ్గరున్న పరుల హక్కు. తౌబాతోపాటు, కారణం చెప్పి తర్వాతి బిల్లులో తగ్గించాలి. అతను అలాగే చేశాడు.