నీలి టిక్కులు చెప్పని సంగతి

కిందటేడు ఒక సాహిత్య సభకి రాసిన ఎనిమిది పేజీల వ్యాసాన్ని ఒక పెద్ద రచయిత్రికి వాట్సాప్‌లో పంపాను. అక్కా అని పిలిచే చనువుంది. రాత్రి 10:40కి టిక్కులు నీలంగా మారాయి. పైన typing… అని వచ్చింది, పోయింది. అలా మూడుసార్లు. పన్నెండు దాటాక చూస్తే ఆవిడ ఆన్‌లైన్‌లోనే ఉంది. "నచ్చకపోతే ఆ ముక్క చెప్పొచ్చు కదక్కా" అని పంపేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "మూడుసార్లు రాసి చెరిపేశానే. రెండో భాగంలో నీ వాదన నిలబడలేదు. ఆ మాట అంత రాత్రివేళ పొడిగా రాసి పడేస్తే నువ్వు నిద్రపోతావా?" పన్నెండింటికి ఆమె ఆన్‌లైన్‌లో ఉన్నది ఆడపడుచు ఆస్పత్రి కబురు కోసం.

నేను నిర్లక్ష్యమనుకున్నది ఆ రాత్రి నా వ్యాసానికి దక్కిన అత్యంత శ్రద్ధ! చెరిపేసిన వాక్యాల శ్రమ తెరమీద కనబడదు. రెండు బూడిదరంగు టిక్కులంటే సందేశం ఆ ఫోనుకి చేరిందని. నీలమంటే ఆ సంభాషణ తెరుచుకుందని, అంతే. ఫైలు తెరవకపోయినా టిక్కులు నీలమవుతాయి. నోటిఫికేషన్‌లోనే చదివేస్తే బూడిదరంగులోనే ఉండిపోతాయి. ఆన్‌లైన్ అన్న మాట ఎవరితో అన్నది చెప్పదు. చేరడం, తెరవడం, చదవడం, జవాబివ్వగలగడం నాలుగు వేరు వేరు పనులు. వాటిని ఒక్కటి చేసి "పట్టించుకోలేదు" అన్న తీర్పు ఇచ్చింది యంత్రం కాదు, నేను.

అంతకన్నా ఇబ్బంది పెట్టింది మరొకటి. ఆమె అర్ధరాత్రి సమయానికి నేను లెక్క అడిగాను. "పదకొండింటికి ఆన్‌లైన్‌లో ఎందుకున్నావ్?" అని మొగుళ్లు అడిగే ప్రశ్నకి, నా అలకకి దూరమెంత? ఈ నీలిరంగు 2014 నవంబరులో వచ్చింది. జనం గోల పెట్టాక ఆపుకునే వీలిచ్చారు. 2022లో ఆన్‌లైన్ కనబడకుండా చేసుకునే వీలూ వచ్చింది. కానీ నిఘా ఉన్న ఇంట్లో ఆ మీట నొక్కడమే అనుమానానికి కారణమవుతుంది. అక్కడ సెట్టింగు పరిష్కారం కాదు.

నా మటుకు నేను ఆపేశాను. ఇతరుల నీలి టిక్కులు నాకూ కనబడవు. గ్రూపుల్లో మాత్రం ఇది పనిచెయ్యదు. ఇప్పుడు ఏం కావాలో, ఎప్పటికో సందేశంలోనే రాస్తున్నాను: "శుక్రవారం లోపు రెండో భాగం మీద ఒక్క మాట చాలు, వీలుకాకపోతే వదిలెయ్యండి." గడువు దాటితే ఒక్కసారి ఫోన్ చేస్తాను. నిజంగానే పట్టించుకోనివాళ్లు ఉంటారు, కాదనను. సూటిగా అడిగిన ప్రశ్నలు వారాల తరబడి గాలికి పోతుంటే అది తెలిసిపోతుంది. ఒక రాత్రి టిక్కుతో తెలియదు.

రెండో భాగం తిరగరాసి అక్కకి పంపాను. జవాబు ఇంకా రాలేదు. ఇవాళ బుధవారం.