అరగని మాట

మాకు రెండు భాషలు. రెండింటిలోనూ తిట్లు తినే వస్తువులే. తెలుగులో తిట్లు తింటాం. ఉర్దూలో కూడా గాలియాఁ ఖానా అనే అంటాం. తిన్నది అరగాలి, చాలావరకు అరుగుతుంది. అవమానం సంగతి వేరు. దాన్ని ఎవరూ తినరు. అవమానపడతారు, అవమానం పాలవుతారు. బేఇజ్జతీ కూడా అంతే, అది జరుగుతుంది, తినేది కాదు. ఈ తేడాను మా అమ్మమ్మలు, నానీలు ఏ పుస్తకం చదవకుండానే మాటల్లో దాచిపెట్టారు. దాన్ని తెలుసుకోవడానికి మాకు నలభై ఏళ్లు దాటాయి.

రెండు సంఘటనలు చెబుతాం. మొదటిది అఫ్జల్‌గంజ్‌లో ఒక ఆటో అతనితో పడిన తగాదా. పది రూపాయల దగ్గర మొదలై అమ్మల దాకా, అక్కల దాకా పోయింది. అతను మమ్మల్ని అన్నవి ఇక్కడ అచ్చు వేయలేం. మేము అన్నవి అంతకంటే తక్కువేమీ కావు. జనం మూగారు. ఎవరో పెద్దాయన వచ్చి "ఛోడో మియా" అని ఇద్దర్నీ చెరో పక్కకి నెట్టాడు. కాసేపటికి అదే మలుపులోని ఇరానీ హోటల్లో అతనూ మేమూ పక్కపక్కనే నిలబడి చాయ్ తాగాం. ఆ రాత్రి ఇంట్లో ఆ గొడవ చెప్పి నవ్వాం కూడా. ఇప్పుడు అతని ముఖం గుర్తులేదు.

రెండోది కృష్ణా తీరంలో ఒక పట్టణం. ఉద్యోగంలో కొత్తగా చేరి అద్దె ఇల్లు వెతుక్కుంటున్న రోజులు. రెండు గదుల వాటా. గోడ మీద సన్నజాజి తీగ. ఇంటావిడ అరుగు మీద కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది. అద్దె మాట్లాడుకున్నాం, అడ్వాన్సు మాట్లాడుకున్నాం. చివర్లో పేరు అడిగింది. చెప్పాం. క్షణం ఆగి, ఎంతో మృదువుగా, "మీరేమీ అనుకోకండి బాబూ, మిమ్మల్ని అని కాదు, మా అత్తగారు పూజలూ మడీ ఉన్న మనిషి" అంది. గేటు దాకా వచ్చి సాగనంపింది. ఒక్క పరుషమైన మాట లేదు. గేటు వేస్తూ వెనక్కి చూస్తే, మేము తాగిన గ్లాసు లోపలికి వెళ్లలేదు. పంపు దగ్గర విడిగా బోర్లించి ఉంది. ఇరవై ఏళ్లు దాటిన తర్వాత కూడా ఆ గ్లాసు అంచు మీది చిన్న సొట్ట మాకు కనిపిస్తూనే ఉంది.

అయితే మనిషిని గాయపరిచేది మాటలోని కారం కాదన్నమాట. ఆటో అతని మాటల్లో కారం ఎక్కువ. కానీ అతనికి మా జవాబు కావాలి. మేము తిరిగి తిడతామని అతనికి తెలుసు, తిడితేనే తగాదా సాగుతుందని తెలుసు. ఒక లెక్కన అతను మమ్మల్ని సాటివాడిగా ఒప్పుకున్నాడు. ఇంటావిడకు మా జవాబుతో పని లేదు. ఆమె మాతో మాట్లాడుతున్నట్టే ఉంది గానీ, అప్పటికే నిర్ణయమైపోయిన విషయాన్ని చెబుతోంది. మేము ఏమని తిట్టాలి? మర్యాదగా ఉన్న మనిషిని తిడితే మొరటువాళ్లం అయ్యేది మేమే.

ఈ విషయాన్ని మాకంటే వెయ్యి రెట్లు బాగా తెలిసిన మనిషి ఒకరు రాసిపెట్టారు. డాక్టర్ అంబేద్కర్ 1935-36 ప్రాంతంలో 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో కొన్ని జ్ఞాపకాలు రాశారు. ఆయన బతికుండగా అవి అచ్చు కాలేదు. 1990లో చిన్న పుస్తకంగా వచ్చాయి. మహా అయితే ఇరవై పేజీలు. అందులో రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడమని పాఠకుల్ని కోరుతున్నాం.

ఒకటి బరోడాలో. విదేశాల్లో పెద్ద చదువులు చదివి, తన చదువుకు డబ్బిచ్చిన బరోడా సంస్థానంలో కొలువు చేయడానికి 1917లో ఆయన వచ్చారు. ఉండటానికి చోటు లేదు. హిందూ హోటళ్లు రానివ్వవు. ఒక పార్శీ సత్రంలో, కాపలాదారుతో మాట్లాడుకుని, పార్శీ పేరు రాయించి, రోజుకు రూపాయిన్నర ఇచ్చి పై అంతస్తులో దిగారు. మనిషి అలికిడి లేని చోటు. పదకొండో రోజు ఉదయం పదిమందికి పైగా పార్శీలు కర్రలతో మెట్లెక్కి వచ్చారు. ఎవరు నువ్వు, ఎందుకు వచ్చావు, పేరెందుకు మార్చావు అని వరుసగా ప్రశ్నలు. ఆయన మౌనంగా నిలబడ్డారు. వారం గడువు అడిగితే ఇవ్వలేదు. సాయంత్రానికి ఖాళీ చేయాలన్నారు. ఇద్దరు మిత్రుల్ని ఆశ్రయించారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. బొంబాయి రైలు రాత్రికి గానీ లేదు. అంతవరకు ఊళ్లోని తోటలో కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఇదంతా రాస్తూ, ఆ దృశ్యం కన్నీళ్లు లేకుండా ఎప్పుడూ గుర్తుకు రాదని ఒప్పుకున్నారు.

రెండోది 1934లో, దౌలతాబాద్ కోటలో. అప్పుడది నిజాం రాజ్యం, అంటే మన రాజ్యం. ఆయన ముప్పైమంది సహచరులతో ఎల్లోరా చూడటానికి వెళుతూ అక్కడ ఆగారు. దుమ్ము కొట్టుకుపోయిన ప్రయాణం. కోట ద్వారం బయటే ఉన్న నీళ్ల తొట్టెలోని నీళ్లతో కొందరు ముఖాలూ కాళ్లూ కడుక్కున్నారు. అది రంజాన్ నెల. తెల్లగడ్డం ముసలాయన ఒకాయన, అంటరానివాళ్లు నీళ్లు మైల చేశారని అరుస్తూ వచ్చాడు. అవును, ఉపవాసం ఉన్న మనవాడే. చుట్టూ ముస్లింలు పోగయ్యారు. వచ్చినవాళ్లనే కాదు, ఆ ఊళ్లోని దళితుల్ని కూడా తిట్టారు. అంబేద్కర్ ఇక్కడ ఊరుకోలేదు. మీ మతం మీకు చెప్పింది ఇదేనా, అంటరానివాడు ముస్లిం అయితే అప్పుడు కూడా నీళ్లు ముట్టనివ్వరా అని ఎదురు అడిగారు. గుంపు దగ్గర జవాబు లేదు. చివరికి, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదన్న షరతు మీద, వెంట ఒక సాయుధ సిపాయిని పెట్టి కోట చూడనిచ్చారు.

రెండూ ఆయన మర్చిపోలేదు. కానీ కన్నీళ్ల మాట బరోడా దగ్గరే రాశారు, దౌలతాబాద్ దగ్గర రాయలేదు. మాకు తోచిన కారణం ఇది. దౌలతాబాద్‌లో ఆయన ప్రశ్న వేయగలిగారు. తలవంచుకోవాల్సిన వంతు గుంపుకు వచ్చింది. బరోడాలో నోరు పెగల్లేదు, ఎందుకంటే బతకడానికి చెప్పిన ఒక అబద్ధం అప్పటికే ఆయన గొంతు పట్టుకుంది. కోపం గురించి అరిస్టాటిల్ తన 'రెటరిక్'లో చెప్పింది ఇక్కడ అతుకుతుంది. మనం విలువిచ్చే విషయంలో, మనకే లోలోపల అనుమానం ఉన్న చోట తగిలిన చులకన ఎక్కువ మండుతుందంటాడు. మనల్ని మనమే సమర్థించుకోలేని స్థితిలో దొరికిపోయినప్పుడు, అవమానించినవాడు వెళ్లిపోయాక కూడా వాడి పని మనలోపల మనమే చేస్తూ ఉంటాం.

ఇంకో మాట ఉంది. క్షమ గురించి పమేలా హైరోనిమీ అనే అమెరికన్ తత్వవేత్త 2001లో ఒక వ్యాసం రాసింది. అన్యాయం జరిగి ముగిసిపోయినా, చేసినవాడు దాన్ని తప్పని ఒప్పుకోనంతకాలం అది ఒక వాదనగా నిలబడి ఉంటుందంటుంది. "నిన్ను ఇలా చేయవచ్చు, ఏమీ కాదు" అన్న వాదన. మన మనసులోని కక్ష ఆ వాదనకు చెప్పే అభ్యంతరం. దీన్నిబట్టి, మరిచిపోవడం అంటే గడువు తీరడం కాదు, వాదన వీగిపోవడం. అఫ్జల్‌గంజ్‌లో ఆ వాదన అక్కడికక్కడే వీగిపోయింది. అద్దె ఇంటి దగ్గర వీగలేదు సరికదా, తర్వాత వెళ్లిన ప్రతి వీధిలోనూ "పేరేమిటి బాబూ" అన్న ప్రశ్నతో కొత్తగా చిగురు వేసింది. ఆ గ్లాసు పాత జ్ఞాపకమని మీరనుకుంటున్నారేమో. పోయిన ఏడాది మా అబ్బాయి ఇల్లు వెతుక్కున్నప్పుడు అది మళ్లీ కొత్తదైంది.

గుర్తుపెట్టుకున్న ప్రతి అవమానమూ నిజమైనదేనని మేము అనడం లేదు. ఎన్నికల ముందు వేదికలెక్కి అటువాళ్లూ ఇటువాళ్లూ పంచే అవమానాలు చాలా ఉన్నాయి. అవి మనం పడినవి కావు, మనకు పోసినవి. అనుభవించిన మనిషి చెబితే రూపాయిన్నర అద్దె, కర్రలు పట్టుకున్న మనుషులు, గ్లాసు మీద సొట్ట లాంటి పనికిరాని వివరాలు కూడా వస్తాయి. పోసిన దాంట్లో వివరాలుండవు, శత్రువు పేరు మాత్రం ఉంటుంది. ఇదేమీ తప్పని కొలబద్ద కాదు, అబద్ధం కూడా వివరాలు నేర్చుకోగలదు. అయినా మాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఇంతవరకు పడినవాళ్ల గురించే మాట్లాడాం. అన్నవాళ్ల సంగతేమిటి? దౌలతాబాద్ ముసలాయన ఇఫ్తార్ వేళకి ఆ గొడవ మరిచిపోయి ఉంటాడని మా అనుమానం. మేము ఉర్దూలో చదువుకున్నాం, నిజాం ఆనకట్టల గురించి, యూనివర్సిటీ గురించి ఎన్నో కథలు విన్నాం. ఆ నీళ్ల తొట్టె గురించి మా ఇంట్లో గానీ మా బడిలో గానీ ఎవరూ చెప్పలేదు. అంబేద్కర్ రాసింది చదివితేనే తెలిసింది. అవమానం పడినవాడి దగ్గర దశాబ్దాలు ఉంటుంది, అన్నవాడి దగ్గర ఒక పూట కూడా ఉండదు.

దీనికి మినహాయింపుగా మాకు తెలిసిన ఒక కథ బుఖారీ హదీసుల్లో ఉంది. ప్రవక్త సహచరుడు అబూజర్ తన ముసలితనంలో రబజా అనే చోట ఉండేవాడు. ఒకాయన చూడటానికి వెళితే, అబూజర్ ఒంటి మీద ఎలాంటి వస్త్రం ఉందో అతని బానిస ఒంటి మీదా అలాంటిదే ఉంది. ఎందుకని అడిగాడు. అబూజర్ చెప్పిన జవాబు ఒక పాత తప్పు. తానెప్పుడో ఒక మనిషిని అతని తల్లి పేరెత్తి అవమానించాడు. నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని ప్రవక్త అన్నారు. మీ చేతికింది వాళ్లు మీ సోదరులే, మీరు తినేది పెట్టండి, కట్టేది కట్టించండి అని చెప్పారు. ఇక్కడ పడిన మనిషి ఏం గుర్తుపెట్టుకున్నాడో మనకు తెలియదు. గుర్తుపెట్టుకున్నది అన్నవాడు. తన తప్పును తానే పరాయివాడికి చెప్పుకున్నాడు, రోజూ కట్టే బట్టలో కట్టుకున్నాడు.

ఇది రాయడానికి కారణం మా మిత్రుడొకడు. దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కాలేజీలో మాతో కలిసి చదివాడు. రెండేళ్ల కిందట ఒక దావత్‌లో కలిస్తే పాత సంగతులన్నీ తవ్వుకున్నాం. మేము ఊపులో మా అద్దె ఇంటి కథ చెప్పాం, గ్లాసుతో సహా. అంతా విని అతను మెల్లగా అన్నాడు: "మీ అక్క నిఖాలో దస్తర్‌ఖాన్ మీద, మా అమ్మ ఉర్దూ గురించి నువ్వొక మాట అన్నావు భాయ్. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత మీ వాళ్ల దావత్‌లకి రావడం మానేసింది."

ఏమన్నామో గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు. అడిగితే, "నేను చెప్పను, నువ్వే గుర్తు చేసుకో" అన్నాడు. ఆ రోజు మా పక్కన కూర్చుని తిన్న మా బావకి ఫోన్ చేశాం. బిర్యానీలో ఉప్పు ఎక్కువైన సంగతి ఆయనకి బాగా గుర్తుంది. ఆ మాట మాత్రం గుర్తు లేదన్నాడు. మిత్రుడి అమ్మగారు ఉన్నారు, కర్నూలు దగ్గర పల్లెలో. వెళ్లి అడగాలి. ఏమని అడగాలో ఇంకా తేల్చుకోలేదు.