పొగడ్త లేకుండా గౌరవించలేమా?

గుడిలో కార్యక్రమం జరిగేటప్పుడు ముఖ్య అతిథిని పరిచయం చేసే పని చాలా చిన్నది. రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఆ రెండు నిమిషాల్లో మనం నిజం చెప్తున్నామా, లేక ఆయన చెవికి ఇంపుగా ఉండేది చెప్తున్నామా అనేది నా ప్రశ్న.

మన సోలాపూర్‌లో రాఖీ పున్నమికి మార్కండేయ రథోత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో నీలం నగర్ వీధుల్లోనూ చిన్న చిన్న సభలు పెడతారు. మైకులో "దానకర్ణుడు", "అపర భగీరథుడు", "కార్మికుల పాలిట దేవుడు" అనే మాటలు వినిపిస్తూనే ఉంటాయి. అతిథి మారినా మాటలు మాత్రం మారవు. అందుకే నేనొక పరీక్ష పెట్టుకున్నాను. ఒక వాక్యంలో పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా అది సరిపోతే, ఆ వాక్యం అతిథి గురించి ఏమీ చెప్పలేదన్నమాట.

మా వీధి గుడి కార్యక్రమానికి ఒక కార్ఖానా యజమానిని పిలిచారు. పరిచయం రాసే పని నాకు ఇచ్చారు. కమిటీ పెద్దాయన ఒకరు "ఈ గుడిని కట్టించిన మహానుభావుడు అని రాయి" అన్నారు. నేను చందాల పుస్తకం అడిగి చూశాను. మండపం పైకప్పుకు సిమెంటు, ఇనుము ఆ యజమాని ఇచ్చారు. అది పెద్ద సాయమే. కానీ గోడలు లేచింది మాత్రం వీధి వాళ్ల చందాలతో. బీడీలు చుట్టే ఒక అవ్వ పేరున వారం వారం పది రూపాయలు రాసి ఉన్నాయి. ఆ అవ్వ సభలో ముందే కూర్చుంటుంది. "గుడి కట్టించింది ఈయనే" అని నేను మైకులో అంటే, ఆమె పది రూపాయలు ఏమైనట్టు? ఒకరిని ఎక్కువ చేసి చెప్పినప్పుడు ఇంకెవరో తక్కువైపోతారు. పొగడ్తలో ఉన్న తప్పు ఇదే అని నాకనిపిస్తుంది.

అందుకని ముందు రోజే ఆయన ఇంటికి వెళ్లి, పేరు ఎలా పలకాలో, మొదట ఏ పని చేశారో అడిగాను. చిన్నప్పటి కష్టాలు కూడా చెప్పారు గానీ "అవి మైకులో వద్దు బాబూ" అన్నారు. వాటిని వదిలేశాను. చివరికి రాసింది ఇది:

"నేటి మన ముఖ్య అతిథి నీలం నగర్‌లోనే పుట్టి పెరిగారు. పదహారో ఏట మగ్గం పనిలో చేరారు. ఇప్పుడు సొంతంగా చద్దర్ల కార్ఖానా నడుపుతున్నారు. వీధి వాళ్లందరి చందాలతో లేచిన మన మండపానికి, పైకప్పు సామాను వీరు ఇచ్చారు. వారిని వేదిక మీదికి సగౌరవంగా ఆహ్వానిస్తున్నాను."

ఇందులో పొగిడే మాట ఒక్కటీ లేదు. అయినా గౌరవం తగ్గలేదు. మన ఊళ్లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ గారినే చూడండి. 1910లో పుట్టారు. 1938లో మన దేశం నుంచి చైనాకు వెళ్లిన ఐదుగురు డాక్టర్లలో ఒకరు. యుద్ధంలో గాయపడిన వాళ్లకు వైద్యం చేస్తూ 1942లో అక్కడే చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. ఇంత చెప్పాక "మహానుభావుడు" అని మళ్లీ చెప్పాలా? వినేవాళ్లే మనసులో అనుకుంటారు.

"పొగిడితేనే గదా వచ్చే ఏడు కూడా ఇస్తాడు" అని కొందరు పెద్దలు అంటారు. గుడికి డబ్బు కావాలి, అది నిజమే. కానీ సాయానికి కృతజ్ఞత చెప్పడానికి చివర్లో వందన సమర్పణ ఉంది. అక్కడ ఏం ఇచ్చారో చెప్పి దండం పెట్టొచ్చు. పరిచయం అంటే ఆయన ఎవరో చెప్పడం మాత్రమే.

ఇంకో చిక్కు ఉంది. అతిథిలో లోపాలుంటే అవీ చెప్పాలా? అక్కర్లేదు. పిలిచిన మనిషిని సభలో నొప్పించడం మర్యాద కాదు. అన్నీ చెప్పకపోవడం అబద్ధం కాదు. కానీ లోపాన్ని తిప్పి గుణంగా చెప్తే అబద్ధమవుతుంది. కూలి సరిగ్గా ఇవ్వని యజమానిని "కార్మికుల పాలిట దేవుడు" అంటే, ఎదురుగా కూర్చున్న కార్మికులకు నిజం తెలుసు. వాళ్లు ఆ తర్వాత మన మాట ఏదీ నమ్మరు. పైగా మార్కండేయుడు యముడు వచ్చినప్పుడు శివలింగాన్నే పట్టుకున్నాడని మనం కథ చెప్పుకుంటాం. ఆయన గుడిలోనే నిలబడి ఇంకో మనిషిని దేవుడు అనడం ఏం బాగుంటుంది?

పేరు సరిగ్గా పలికి, చేసిన పనిని చేసినంతే చెప్పి, పక్కవాళ్ల వంతును లాక్కోకుండా ఉంటే అదే అతిథికి గౌరవం అని నా అభిప్రాయం.