చించేసిన పద్దుల పుస్తకం

ఒక మిత్రుడు ఇంకా అచ్చుకాని తన కథను చదవమని పంపాడు. బెంగళూరు నుంచి ఊరికెళ్తూ రైల్లో మొదలుపెట్టాను. హిందూపురం దాటాక సగం అయింది, పెనుకొండలో దిగేసరికి పూర్తయింది. దిగాక కూడా కథ వదల్లేదు. కారణం అది బాగుండటం ఒక్కటే కాదు. చివర్లో కథానాయకుడు చేసిన పని తప్పేమో అన్న అనుమానం.

కథ సులువుగానే చెప్పొచ్చు. ధర్మవరంలో నేతగాళ్ల వీధిలో ఒక చిన్న చిల్లర అంగడి. నాయన మంచాన పడితే, బెంగళూరులో ఉద్యోగం మానేసి కొడుకు వస్తాడు. అరలు సర్దుతాడు, తూకం మిషన్ మారుస్తాడు, హిందూపురం మార్కెట్ నుంచి బెల్లం, చింతపండు తనే తెచ్చుకుంటాడు. ఒకరోజు నాయన పద్దుల పుస్తకం దొరుకుతుంది. అందులో ముప్పై ఇళ్ల బాకీలున్నాయి. కొన్ని నాలుగేళ్ల కిందటివి. చివరి పేరాలో అతను ఆ పుస్తకాన్ని చించేస్తాడు. కథ అయిపోతుంది. చదివినవాళ్లంతా మెచ్చుకున్నారట.

నాకు మాత్రం లెక్క గుర్తొచ్చింది. వంద రూపాయల సరుకు అమ్మితే అంగడివాడికి పది మిగులుతుందనుకుందాం. ఒక ఇంటి బాకీ 3,000 రాకపోతే, అతని చేతి నుంచి పోయిన అసలు 2,700. అది పూడాలంటే ఇంకో 27,000 రూపాయల సరుకు అమ్మాలి. అది కూడా కరెంటు బిల్లు, బాడుగ లెక్కలోకి తీసుకోకుండా. సరుకిచ్చిన హోల్‌సేలు వ్యాపారి మాత్రం తన పుస్తకం చించడు. అంటే కొడుకు చూపిన దయకు ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. ఈ కథలో కట్టేది మంచంలో ఉన్న నాయన. ఆయన్ని ఎవరూ అడగలేదు.

అయినా ఆ బాకీలు దానం కాదు. మగ్గం మీద చీర దిగి, షావుకారు కూలి లెక్కగట్టేదాకా నేతగాడి ఇంట్లో డబ్బు కనపడదు. ఈలోగా బియ్యం, నూనె కావాలి. ఆ మధ్య రోజులకు పెట్టుబడి పెట్టేది చిల్లర అంగడే. వడ్డీ రాయరు. బదులుగా చీర దిగిన రోజు డబ్బుతో ఆ ఇల్లు ఇంకో అంగడికి పోదు. పద్దు పుస్తకమంటే ఇద్దరి మధ్య ఉన్న ఈ ఒప్పందమే. దాన్ని చించితే అప్పుతో పాటు ఆ ఒప్పందం కూడా పోతుంది. రేపు అప్పడగాలంటే ఆ ఇంటావిడకు మొహం చెల్లదు. ‘ఇస్తాలే అన్నా, చీర దిగనీ’ అనే హక్కు ఆమెకుండేది. మాఫీతో అది కూడా పోయింది.

అలాగని నాలుగేళ్ల బాకీ కోసం వెంటపడమనా? ఇక్కడ చట్టం ఒక చక్కటి తేడా చూపిస్తుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, గడువు చెప్పకుండా అప్పుకిచ్చిన సరుకు డబ్బు కోసం, సరుకిచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపు కోర్టుకెళ్లాలి. ఈలోగా బాకీ ఉందని అవతలివాళ్లు రాసి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. గడువు దాటితే దావా నిలవదు. కానీ అప్పు చచ్చిపోదు. వసూలు చేసే దారి మాత్రమే మూసుకుపోతుంది. ఆ తర్వాత ఎవరైనా తమంతట తాము తెచ్చి ఇస్తే అది బాకీ తీర్చినట్టే, బిచ్చం వేసినట్టు కాదు.

నాకు నచ్చింది ఈ తేడానే. అడగడం మానేయడం వేరు, బాకీయే లేదనడం వేరు. మొదటిది అంగడివాడి చేతిలో ఉంది. రెండోది అతనొక్కడి చేతిలోదే కాదు, ఎందుకంటే తీర్చానన్న తృప్తి అవతలివాళ్లది. నేనే రాస్తే, కొడుకు ఆ పుస్తకం తీసుకెళ్లి నాయన పక్కన కూర్చుంటాడు. ఒక్కో పేరు చదువుతాడు. ఎవరిది అడగాలో, ఎవరిది వదిలేయాలో నాయన చెబుతాడు. వదిలేసిన పేర్లను కొట్టేయకుండా పేజీ మడిచి పెడతాడు. రేపటి సరుకు కొత్త పేజీలో రాస్తాడు, ఈసారి ఇంత వరకే అని ఒక హద్దు పెట్టి.

ఇదంతా ఉద్యోగం మానని నేను చెబుతున్నానన్న సంగతి నాకు తెలుసు. మా తాత అంగడి పెనుకొండలో మూతబడి చాన్నాళ్లయింది. నేను వెనక్కి రాలేదు. కథలో కొడుకు వచ్చాడు, ఆ మేరకు నాకంటే పెద్దవాడు. కానీ తిరిగి రావడం గొప్ప పని అయినంత మాత్రాన, వచ్చాక చేసే ప్రతి పనీ ఒప్పయిపోదు. మిత్రుడికి ఇదే రాశాను. ‘మా ఇంట్లో పుస్తకం చించింది మా నాయనే’ అని జవాబిచ్చాడు. అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. ఇచ్చినవాడే చించితే నా వాదన సగం పడిపోతుంది. ఆ నేతింటివాళ్ల వైపు నుంచి చూస్తే మిగతా సగం ఇంకా నిలబడే ఉంది.